మేళం తప్పిన కానుక

మా వీణ క్లాసులో తొమ్మిది మందిమి. అందరికంటే చిన్నవాడికి ముప్పై ఆరేళ్లు, పెద్దాయనకి అరవై ఏడు. పిల్లల క్లాసయితే ఏడాది చివర టీచరుగారికి ఏమివ్వాలో అమ్మలు చూసుకుంటారు. మాకు ఆ వసతి లేదు. ఈ వయసులో సరళీ స్వరాలు మొదలెట్టామని అమ్మలకి చెప్పడానికే మాలో కొందరికి మొహమాటం.

పోయిన ఏడాది బొబ్బిలి నుంచి జానెడు బొమ్మ వీణ తెప్పించి, గాజు పెట్టెలో పెట్టి ఇచ్చాం. టీచరుగారు కళ్లజోడు సవరించుకుని చూశారు. "బాగుందమ్మా. తీగలు నాలుగే ఉన్నాయేం? తాళం తీగలు మూడూ ఏవీ?" అన్నారు. అసలు వీణకి వాయించే తీగలు నాలుగు, పక్కన తాళానికి మూడు, మొత్తం ఏడు. ఆవిడ మాకు చెప్పిన మొదటి పాఠమే అది. మేం ఇచ్చింది కానుకో, మేం ఫెయిలైనట్టు రుజువో తెలియలేదు.

అందుకని ఈసారి వాట్సాప్ గ్రూపులో గట్టిగా చర్చ జరిగింది. చీర అన్నారు. రంగు ఎవరు చూస్తారన్న దగ్గర అది ఆగిపోయింది. శాలువా అంటే, ఆవిడ బీరువాలో ఉన్న శాలువాలతో ఊరందరికీ సన్మానం చేయొచ్చన్నారు. గోడగడియారం అన్నవాడు, క్లాసుకి రోజూ ఆలస్యంగా వచ్చేవాడే. చివరికి మా రిటైర్డ్ బ్యాంకు మేనేజరుగారు అసలు మాట అన్నారు: "మూలనున్న ఆ పాత వీణకి మేళం కట్టిస్తే?"

క్లాసులో మేం వంతులవారీగా హింసించే వీణ అది. వీణకి మెట్లు ఇరవై నాలుగు. వాటిని దండి మీద మేకులతో కొట్టరు, నల్లటి మైనంలో నిలబెడతారు. కొన్నేళ్లకి మైనం కుంగుతుంది, మెట్టు ఓ వెంట్రుకవాసి పక్కకి జరుగుతుంది. పన్నెండో మెట్టు మీద సారణి తీగ నొక్కితే పై షడ్జమం పలకాలి. ఈ వీణ మీద పలికేది షడ్జమం కాదు, దాని దూరపు చుట్టం. ఇన్నాళ్లూ తప్పు మా వేళ్లదే అనుకుని కుమిలిపోయాం. వీణది కూడా అని తెలిసిన రోజు మేనేజరుగారు అందరికీ మైసూర్‌పాక్ పంచారు.

తలా 600 వేసుకుంటే 5,400 అయింది. ఇంట్లో సాధన చేసుకుంటామని అబద్ధమాడి వీణ తీసుకుని, మేనేజరుగారి కారులో విశాఖ నుంచి బొబ్బిలి పక్కనున్న గొల్లపల్లి వెళ్లాం. ఒకే పనస దుంగని తొలిచి వీణలు చేసే ఊరు. అక్కడి పెద్దాయన పాత మైనం గీకేసి, కొత్తది కాచి, దండికి రెండు వైపులా గట్లలా పోశారు. అది ఆరకముందే ఒక్కో మెట్టునీ తీగ మీటుతూ, చెవి ఒగ్గి, గోరంత ఇటూ అటూ జరుపుతూ కూర్చోబెట్టారు. రెండు రోజులు పట్టింది. ఇచ్చేటప్పుడు ఒకే మాట చెప్పారు: "ఎండ తగలనీకండి బాబూ."

తగలనివ్వలేదు. ఏప్రిల్ నెలాఖరు. తిరుగు దారిలో విజయనగరంలో ఒంటిగంటకి భోజనానికి దిగాం. దుమ్మూ ఎండా వీణకి తగలకూడదని కారు అద్దాలన్నీ బిగించి, పైన దుప్పటి కూడా కప్పాం. ముద్దపప్పు, ఆవకాయ, మేనేజరుగారికి రెండోసారి పెరుగు. ముప్పావు గంట తర్వాత తలుపు తీస్తే కొలిమి ఊపిరి మొహాన కొట్టింది. దుప్పటి తీసి చూస్తే మైనం కరగలేదు, మెత్తబడిందంతే. మెట్లు మాత్రం సినిమా హాల్లో కునుకు తీసేవాళ్లలా ఒకదాని మీదకి ఒకటి వాలి ఉన్నాయి.

"సరిచేసేద్దామా?" అని మేనేజరుగారు ఓ మెట్టు మీద వేలు పెట్టారు. అది వేలితో పాటు వచ్చింది.

చెప్పక తప్పలేదు. టీచరుగారు వీణ ఒళ్లో పెట్టుకుని పన్నెండో మెట్టు నొక్కారు. మేం ఊపిరి బిగబట్టాం. "ఇది ఏ రాగమో కనుక్కోండి చూద్దాం," అన్నారు. ఎవరూ నోరెత్తలేదు. ఆవిడ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వి, "మళ్లీ పట్టుకెళ్లండి. ఈసారి చీకటితోనే బయల్దేరి, ఎండెక్కకముందే ఇల్లు చేరండి. భోజనం ఇక్కడే వండిపెడతాను," అన్నారు.

గొల్లపల్లి పెద్దాయన మమ్మల్ని చూసి ఏమీ అడగలేదు, మైనం కాచడానికి పొయ్యి వెలిగించారు. రెండోసారికి తలా 200 పడ్డాయి. మొత్తం 7,200. చీరకైతే 3,000తో అయిపోయేది.