సాఫ్ట్ కాపీ సార్

మా పంచాయతీ కార్యదర్శికి మండల పరిషత్ ఆఫీసువాళ్లు పెట్టిన పేరు ‘సాఫ్ట్ కాపీ సార్’. ఆ పేరు ఇక పోదు. మండలాలు వచ్చి నలభై ఏళ్లయినా మా పెద్దవాళ్లు ఆ ఆఫీసును ఇంకా ‘సమితాఫీసు’ అనే అంటున్నారు మరి. మనిషికి ముప్పై దాటలేదు. భుజాన ల్యాప్‌టాప్ సంచి, జేబులో పెన్‌డ్రైవ్. ఎవరైనా జిరాక్స్ ఇస్తే దొంగనోటును చూసినట్టు అంచు పట్టుకుని వెలుతురుకెత్తి చూస్తారు.

ఆ అనుమానం ఊరికే పుట్టలేదు. మండలం నుంచి మాకొచ్చిన పింఛన్ల జాబితా జిరాక్స్‌కు తీసిన జిరాక్స్‌కు జిరాక్స్. పొడుగు లీగల్ కాగితాన్ని ఏ4లో ఇరికించేసరికి కుడిచివరి గడి సగం తెగిపోయింది. తెగింది ఖాతా నంబర్ల గడే. మిగిలిన అంకెల్లో 3 ఏదో 8 ఏదో తెలీదు. కారోబార్ పైకి చదువుతుంటే సార్ కంప్యూటర్లో ఎక్కించుకోవాలి. ఊళ్లో ముగ్గురు నర్సమ్మలున్నారు, అందులో ఇద్దరి భర్తలూ రాజయ్యలే. ఆ ఇద్దరిలో ఒక నర్సమ్మ కాలం చేసింది. తీసేసిన పేరు మాత్రం రెండో నర్సమ్మది.

ఆమె పంచాయతీకొచ్చి కూర్చుంది. “నేను సచ్చిపోయిన్నని ఏ కాయితంల రాసిన్రు బిడ్డా, సూపియ్యి” అంది. సార్ చూపించారు. పింఛను ఐడీ ఉండాల్సిన చోట సిరా అలికినట్టుంది. “గీ నల్లమచ్చ నేనేనా?” అందామె. సార్ ఆ సాయంత్రమే ఉత్తరం రాశారు.

“విషయం: పింఛను లబ్ధిదారుల జాబితాను జిరాక్స్ ప్రతులుగా కాక ఎక్సెల్ ఫైలుగా ఇప్పించుట గురించి” అని మొదలైందది. మనిషికొక వరుస ఉండాలి, పేరు కన్నా ముందు పింఛను ఐడీ ఉండాలి, తెలుగు పేర్లు ఏ కంప్యూటర్లోనైనా తెరుచుకునేలా యూనికోడ్‌లో ఉండాలి, జాబితా ఏ తేదీ నాటిదో పైన రాయాలి. ఇంతవరకూ ఎవరికీ అభ్యంతరం లేదు. “ఆధార్ నంబరు పూర్తిగా వద్దు, చివరి నాలుగంకెలు చాలు” అన్న వాక్యం దగ్గరే ఆఫీసు ఆగిపోయింది. ఇంకో కాలమ్ కలపమని అడిగేవాళ్లనే చూశారుగానీ, ఉన్నది తగ్గించి ఇమ్మన్నవాణ్ణి వాళ్లెన్నడూ చూళ్లేదు. లోపల ఇంకేదో ఉందని సూపరింటెండెంటు గారికి గట్టి నమ్మకం.

వారానికి వాట్సాప్‌లో పీడీఎఫ్ వచ్చింది. సార్ Ctrl+F నొక్కి నర్సమ్మ అని కొట్టారు. ఒక్క నర్సమ్మా దొరకలేదు. అదే జిరాక్స్‌ను స్కాన్ చేసి పంపారు, నల్లమచ్చతో సహా. “వెతికితే పేరు దొరకాలి, దొరికిన పేరు కాపీ కావాలి. రెండూ జరగకపోతే అది బొమ్మ సార్” అని సార్ ఫోన్లో చెప్పారు. “డిజిటలే కదయ్యా, ఫోన్లో వచ్చిందిగా!” అన్నారు అవతల.

రెండోసారి నిజంగానే ఎక్సెల్ వచ్చింది. కారోబార్ చప్పట్లు కొట్టాడు. సార్ మాత్రం ఖాతా నంబర్ల కాలమ్ చూసి కళ్లు మూసుకున్నారు. అక్కడ 9.12E+15 లాంటివి వరుసగా ఉన్నాయి. గడి వెడల్పు చేసి, అంకెలన్నీ కనిపించేలా మార్చి చూశారు. పదహారంకెల ఖాతాలన్నిటికీ చివర సున్నాయే. ఎక్సెల్ సంఖ్యగా తీసుకున్నదాంట్లో పదిహేను అంకెలే నిలుపుకుంటుంది, పదహారోది సున్నా అయిపోతుంది. ముందున్న సున్నాలైతే ఎగిరేపోతాయి. ఆ ఫైలు సేవ్ చేశాక పోయిన అంకె ఏ ఉపాయంతోనూ తిరిగిరాదు. మళ్లీ మూలం దగ్గరికే పోవాలి.

పోయారు. ఆపరేటర్ పక్కన కుర్చీ వేసుకుని, సీఎస్‌వీ ఫైలు దింపించి, దాన్ని డబుల్ క్లిక్ చేయబోతున్న చెయ్యి పట్టుకుని ఆపారట. ఎక్సెల్లోకి దిగుమతి చేస్తూ ఐడీ, ఖాతా కాలమ్‌లను ‘టెక్స్ట్’ అని ముందే చెప్పించారు. రాజయ్యల నర్సమ్మలిద్దరూ రెండు వేరు వేరు ఐడీలతో రెండు వరుసల్లో నిలబడ్డారు. బతికున్నామె వరుసకు సార్ పచ్చరంగు వేసి, అక్కడికక్కడే దరఖాస్తు పెట్టారు.

పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని లేవబోతే జవాను బట్వాడా రిజిస్టరు తెచ్చాడు. ముట్టినట్టు సంతకం కావాలి, దానికి ముందు ‘పేజీల సంఖ్య’ అనే గడి నింపాలి. సార్ చాలాసేపు వాదించి, ఆఖరికి నిజమే రాశారు: సున్నా.

ఇప్పుడు ఆడిట్‌వాళ్లు అడుగుతున్నారు, సున్నా పేజీలు ముట్టినట్టు సంతకం ఎందుకు చేశారని. సంజాయిషీ మూడు ప్రతుల్లో కావాలట.