లెక్క సంగతి తరవాత చూద్దాం

"సేకరించిన సమాచారాన్ని తగిన గణాంక పద్ధతులతో విశ్లేషిస్తాం. పి విలువ 0.05 కన్నా తక్కువైతే సార్థకంగా పరిగణిస్తాం."

అయ్యా ప్రధాన పరిశోధకులవారూ, ఈ రెండు వాక్యాలూ మొదట రాసిన మహానుభావుడెవరో గానీ, ప్రపోజల్‌కి రూపాయి చొప్పున ముట్టజెప్పినా ఈపాటికి బరంపురంలో పట్టుచీరల కొట్లన్నీ ఆయనవే అయ్యుండేవి. మధుమేహం మీద గ్రాంటు అడిగినా ఇవే రెండు వాక్యాలు, మలేరియా మీద అడిగినా ఇవే. అద్దె బొలెరోకి రోజుకెంత, డ్రైవరు బత్తా ఎంత, ఛత్రపురం నుంచి భంజనగర్‌కి ఎన్ని ట్రిప్పులు, ఇవన్నీ రెండు పేజీల నిండా పైసలతో సహా ఉంటాయి. ఆ బండెక్కి వెళ్లి తెచ్చిన అంకెల్ని ఏం చేస్తారన్నది మాత్రం రెండు వాక్యాల్లో తేలిపోతుంది. బొలెరో మీద ఉన్న శ్రద్ధలో పాతికో వంతు లెక్క మీద ఉంటే ఈ వ్యాసం అవసరం ఉండేది కాదు.

"తగిన పద్ధతులు" అంటున్నారు సరే, దేనికి తగినవి? ముందే చెబితే ఫలితం ఎటు తిరిగితే అటు తిరగడానికి వీలుండదు కాబట్టి చెప్పరు. ఆ మాట రాసింది ప్రణాళికగా కాదు, ముందస్తు బెయిలుగా.

దూరం పోనక్కర్లేదు, మన గంజాంలోనే ఒక ఉదాహరణ ఉంది. బరంపురం పక్కన మోహుదాలో గ్రామ్ వికాస్ అని 1979 నుంచీ ఉన్న సంస్థ. ఊళ్లో ప్రతి ఇల్లూ ఒప్పుకుంటే తప్ప పని మొదలుపెట్టదు. అందరూ ఒప్పుకున్నాక ఇంటింటికీ మరుగుదొడ్డి, స్నానాలగది, పైపు నీళ్లు. ఈ పనివల్ల పిల్లల ఆరోగ్యం బాగుపడిందా అని తేల్చడానికి ఎమరీ విశ్వవిద్యాలయానికి చెందిన హెదర్ రీస్, థామస్ క్లేసన్, వారి సహచరులు గంజాం, గజపతి జిల్లాల్లో దిగారు. పని పూర్తయి కనీసం ఐదేళ్లు గడిచిన ఊళ్లు 45, వాటికి జోడుగా పథకం లేని ఊళ్లు 45 తీసుకున్నారు. 2015 జూన్ నుంచి 2016 అక్టోబరు దాకా నాలుగు విడతలు తిరిగారు. ప్రధాన ఫలితం పిల్లల విరేచనాలు అని, ఫలితాల వ్యాసం కన్నా రెండేళ్ల ముందే పద్ధతి వ్యాసంలో అచ్చువేసుకున్నారు.

2019లో ఫలితాలొచ్చాయి. మెరుగైన మరుగుదొడ్లు పథకం ఊళ్లలో 85 శాతం, జోడు ఊళ్లలో 18 శాతం. తేడా కొట్టొచ్చినట్టుంది. విరేచనాల్లో మాత్రం తేడా తేలలేదు. ఆడ్స్ నిష్పత్తి 0.94, దాని విశ్వాస అవధి 0.74 నుంచి 1.20. అంటే పాతిక శాతం తగ్గిందన్నా కాదనలేం, ఇరవై శాతం పెరిగిందన్నా కాదనలేం. ఐదేళ్లలోపు పిల్లల వయసుకు తగ్గ ఎత్తు మాత్రం పథకం ఊళ్లలో 0.17 జడ్-స్కోరు మెరుగ్గా ఉంది, దాని అవధి సున్నాకి పైనే నిలిచింది.

ఇక్కడ తమరైతే ఏం చేసి ఉండేవారో ఊహించడానికి జ్యోతిషం అక్కర్లేదు. "మరుగుదొడ్లతో ఎత్తు పెరిగిన గంజాం పిల్లలు" అని శీర్షిక, విరేచనాలకి అనుబంధంలో ఏడో పట్టిక. ఆ పరిశోధకులు అలా చేయలేకపోయారు. వాళ్లు మనకన్నా ధర్మాత్ములని కాదు, ముందే రాసిచ్చేశారు. ప్రధాన ఫలితం అనే మాట ఉన్నది అందుకే. పెళ్లయ్యాక జాతకాలు కుదర్చడం మొదలుపెడితే కుదరని జాతకం ఉంటుందా? పదిరకాల ఫలితాలు కొలిచి దేన్నీ ప్రధానమనకుండా వదిలేస్తే, అవి ఒకదానికొకటి సంబంధం లేనివైతే, పథకంలో ఏ మహిమా లేకపోయినా కనీసం ఒకటి "సార్థకం"గా కనబడే అవకాశం 40 శాతం. గ్రాంటు గెలవడానికి ఇంతకన్నా మంచి లాటరీ ఎక్కడుంది?

పోనీ, "విరేచనాలు" అని ఒక్క మాట రాస్తే సరిపోతుందా అంటే అదీ చాలదు. అదే గ్రామ్ వికాస్ పనిమీద ఎస్తర్ డఫ్లో, గ్రీన్‌స్టోన్, గ్విటెరస్, క్లేసన్ 2015లో మరో అధ్యయనం బయటపెట్టారు. వాళ్లు లెక్కపెట్టింది వైద్యం చేయించుకున్న విరేచనాలను. అవి 30 నుంచి 50 శాతం తగ్గాయన్నారు. సంస్థ అదే, వ్యాధి పేరు అదే, క్లేసన్ రెండింట్లోనూ ఉన్నారు. కొలత వేరు, లెక్కకట్టిన తీరు వేరు, జవాబు వేరు. కాబట్టి దయచేసి "ఐదేళ్లలోపు పిల్లల్లో, గత ఏడు రోజుల్లో ఏ ఒక్క రోజైనా మూడు లేక అంతకన్నా ఎక్కువ నీళ్ల విరేచనాలు అయ్యాయని తల్లి చెప్పినది" అని మొత్తం రాయండి. ఎవరిని, ఎప్పుడు, ఎవరు చెప్పగా, ఎన్నిసార్లు అన్న నాలుగూ అందులో ఉండాలి. "విరేచనాల భారం" అని రాస్తే భారం చదివేవాడి మీద పడుతుంది.

ఇక మోడల్ దగ్గరికి వద్దాం. ఇక్కడ తమ ధైర్యం చూస్తే చెయ్యెత్తి దండం పెట్టాలి. పథకం ఇచ్చేది ఊరికి, లెక్కపెట్టేది పిల్లల్ని. ఒకే ఊరి పిల్లలు ఒకే బావి నీళ్లు తాగుతారు, ఒకే వానకు తడుస్తారు, ఒకే పెళ్లి భోజనం తిని అంతా కలిసే పడతారు. వాళ్లు పాతికమంది ఉన్నా పాతిక సాక్ష్యాలు కారు. తమరు మాత్రం అందర్నీ వరసబెట్టి కై-స్క్వేర్‌లో పోసి కలుపుతారు.

ఒక లెక్క వేసి చూడండి. పక్కనే పూరీ జిల్లాలో వంద ఊళ్లలో జరిగిన మరుగుదొడ్ల పరీక్షలో, 2014లో వచ్చిన ఫలితం ప్రకారం, పథకం లేని ఊళ్ల పిల్లల్లో ఏడు రోజుల విరేచనాలు 9.1 శాతం. దాన్ని 9 అనుకుని 6కి తగ్గిస్తామని ఆశ పెట్టుకుందాం. 80 శాతం పవర్, 5 శాతం తప్పు అవకాశం. పిల్లలంతా విడివిడి మనుషులైతే పక్షానికి 1,205 మంది చాలు. ఊరికి పాతికమంది చొప్పున 49 ఊళ్లు. ఇప్పుడు ఒకే ఊరివాళ్ల పోలికని లెక్కలోకి తేవాలి. దాని సూత్రం ఇంతే:

```
1 + (m − 1) × ICC
```

m అంటే ఊరికి ఎందరు పిల్లలో అది. ICC అంటే ఒకే ఊరి పిల్లలు ఒకరినొకరు ఎంత పోలి ఉంటారో అది. దాన్ని చాలా చిన్నగా 0.02 అనుకున్నా 1 + 24 × 0.02 = 1.48. అంటే 1,205 కాస్తా 1,783 అవుతుంది, 49 ఊళ్లు 72 అవుతాయి. పక్షానికి 23 ఊళ్లు తమ ప్రపోజల్‌లో చెప్పకుండా మాయమయ్యాయి. బొలెరో బడ్జెట్‌లో ఇంత తేడా వస్తే ఆడిటరు ఊరుకుంటాడా?

శాంపిల్ లెక్కలో ఊళ్లని గుర్తుపెట్టుకుని విశ్లేషణలో మర్చిపోయే మహానుభావులు మరో రకం. మోడల్ పేరు రాసినప్పుడు ఊరు అందులో ఎక్కడ కూర్చుందో చెప్పాలి. ఊరికీ పిల్లకీ విడి యాదృచ్ఛిక ప్రభావాలున్న లాజిస్టిక్ మోడల్ అంటారో, ఊరి స్థాయిలో క్లస్టర్ చేసిన జీఈఈ అంటారో తమ ఇష్టం. గంజాం అధ్యయనంలోలా ఊళ్లని జోడీలుగా ఎంచితే ఆ జోడు ప్రమాణాలు మోడల్‌లో ఉండాలి. వానాకాలం విడత వేరు, ఎండాకాలం విడత వేరు గనక విడతా ఉండాలి. ఇంకో సంగతి గంజాం వాళ్లకి చెప్పనక్కర్లేదు. ఇక్కడినుంచి సూరత్ మగ్గాలకి వెళ్లేవాళ్లు వేలమంది. రెండో విడతకి ఇంటికి తాళం ఉంటే ఆ పిల్లని ఏం చేస్తారు? "తప్పిపోయిన వివరాలను మినహాయిస్తాం" అని రాసేస్తే, వలసపోయే బీద ఇళ్లనే లెక్కలోంచి వెళ్లగొట్టినట్టు.

ఇందాకటి పూరీ పరీక్షలో పథకం ఊళ్లలో మరుగుదొడ్లు 9 శాతం నుంచి 63 శాతానికి పెరిగాయి, విరేచనాలు మాత్రం అక్కడ 8.8 శాతం, పథకం లేని ఊళ్లలో 9.1గా తేలాయి. అప్పుడు చెవిలో ఒక దెయ్యం చెబుతుంది: దొడ్డి వాడేవాళ్లని మాత్రం తీసి చూడరాదా? వాడేవాళ్లు ముందునుంచీ చదువూ సబ్బూ డబ్బూ ఉన్నవాళ్లు. వాళ్ల పిల్లలు దొడ్డి లేకపోయినా కొంచెం తక్కువే పడతారు. ఊరిని ఏ పక్షంలో వేశారో ఆ పక్షంలోనే లెక్కిస్తామని ముందే రాసిపెట్టుకుంటే ఆ దెయ్యం నోరు మూస్తుంది.

చివరగా మధ్యంతర విశ్లేషణ. ఇది ఈమధ్య ఫ్యాషన్. "ఆరునెలలకోసారి మధ్యంతర విశ్లేషణ చేస్తాం" అని రాస్తే దాతలకు ముచ్చట. నాలుగు విడతలకీ నాలుగుసార్లు చూసి, ప్రతిసారీ 0.05 గీత పెట్టుకుంటే, ఏ మహిమా లేని పథకం కూడా ఎక్కడో ఒకచోట గెలిచే అవకాశం 5 శాతం కాదు, దాదాపు 13 శాతం. సగం సమాచారం వచ్చాక ఒక్కసారి చూసుకోవాలంటే ఓబ్రయన్-ఫ్లెమింగ్ పద్ధతి ఉంది: మధ్యలో గీత సుమారు 0.005, చివర 0.048. మధ్యలో ఆపాలంటే సాక్ష్యం తిరుగులేనిదై ఉండాలన్నది దాని తత్వం. చూసేది తమరు కాదు, బయటివాళ్ల బోర్డు. ఒడిశాలోనే అప్పుడే పుట్టిన పిల్లలకి ప్రోబయాటిక్ ఇచ్చిన పాణిగ్రాహి బృందం పరీక్షను అలాంటి బోర్డే మధ్యలో ఆపించింది. 4,556 మంది శిశువుల్లో సెప్సిస్, మరణం కలిపి 9 శాతం నుంచి 5.4కి దిగాయి. 2017లో అచ్చయింది. అక్కడ ఆపడానికి అర్థం ఉంది, రెండో పక్షానికి మందు అందకుండా పోతోంది గనక.

మరి పదేళ్ల కిందట కట్టిన మరుగుదొడ్లని కొలిచే అధ్యయనంలో మధ్యలో ఏం ఆపుతారు? దొడ్లు కూలగొడతారా? అలాంటిచోట "మధ్యంతర విశ్లేషణ లేదు, ఆపదగ్గ చికిత్స లేదు కాబట్టి" అని ఒక్క వాక్యం రాయడమే మర్యాద.

గ్రాంటు కమిటీ పెద్దలూ, మీరూ వినండి. ఈసారి "తగిన గణాంక పద్ధతులతో" అని కనబడితే అక్కడే ఫైలు మూసి, బొలెరో పేజీతో సహా వెనక్కి పంపండి.