వారానికి రెండు గంటలే!

పార్ట్‌టైం కన్సల్టెంటుగా రమ్మనే పిలుపు పాత కంపెనీ నుంచి ఎక్కువగా ఉద్యోగి వెళ్లిపోయిన రెండో నెల జీతాల సమయానికి వస్తుంది. మొదటి నెల పాత ఊపుతో గడిచిపోతుంది, రెండో నెలలో ఎక్సెల్ షీటు మొరాయిస్తుంది. జీతం పెంచమన్న ప్రతిసారీ ‘ఈ పని ఎవరైనా చేస్తారు’ అన్న మేనేజరు, ఆ ఎవరైనా ఎవరో ఎంత వెతికినా దొరక్క ఫోన్ చేస్తాడు.

అడిగేది వారానికి రెండు గంటలే, అదీ ఇంటి నుంచే. హైదరాబాదులో జీతాల లెక్కలు చూసి వెళ్లిన ఉద్యోగి ఒకరున్నారనుకుంటే, ఆయన పాత జీతం 80,000 రూపాయలను నెలకు 160 పనిగంటలతో భాగించి గంటకు 500 అంటారు. వెరసి నెలకు 4,000. ఈ భాగహారంలో కంపెనీ కట్టే పీఎఫ్ వాటా, గ్రాట్యుటీ, సెలవులు, ఆరోగ్య బీమా ఎక్కడా కనబడవు. పాత రేటే ఇస్తున్నామన్న మాటలో ఉన్న ఔదార్యం అంతవరకే.

ఆ రెండు గంటల సంగతీ చూడాలి. జీతాల పని వారానికింత అని సర్దుకుని రాదు, నెలాఖరున ఒక్కసారిగా మీద పడుతుంది. 25వ తేదీ దాకా ఫోన్ మోగదు. 29 రాత్రి పదకొండింటికి బ్యాంకు ఫైలును తిప్పి పంపిందంటే, ఇక తెల్లవార్లూ మోగుతూనే ఉంటుంది. ఆ రాత్రి గంటల లెక్క ఎవరికీ గుర్తుండదు, బిల్లు పెట్టినప్పుడు మాత్రం నిమిషాలతో సహా గుర్తొస్తుంది.

కొత్త ఉద్యోగపు నియామక పత్రంలో బయట వేరే పని చేయరాదన్న షరతు సాధారణంగా ఉంటుంది. అది ఉత్తుత్తి షరతు కాదు. పోటీ సంస్థలకూ పనిచేస్తున్నారంటూ విప్రో 300 మందిని తొలగించినట్టు 2022లో ఆ సంస్థ ఛైర్మనే చెప్పారు. నాలుగు వేల కోసం కొత్త జీతాన్ని పణంగా పెట్టమనే పెద్దలు, అదే షరతు తమ నియామక పత్రంలోనూ ఉందన్నది హాయిగా మరిచిపోతారు.

కాదనడానికి రెండు వాక్యాల మెయిల్ చాలు: ‘కొత్త ఉద్యోగ ఒప్పందం బయటి పనులకు అనుమతించదు. అప్పగింతల ఫైలు షేర్డ్ ఫోల్డర్‌లో ఉంది.’ రేటు తక్కువని రాస్తే బేరం మొదలవుతుంది. ఈ నెల తీరిక లేదని రాస్తే వచ్చే నెల ఒకటో తేదీకి మీటింగ్ పెడతారు. విశ్వాసం లేదన్న నింద ఎలాగూ తప్పదు, దానికి జవాబు రాయనక్కర్లేదు.

తర్వాత వాట్సాప్‌లో ‘ఒక్క చిన్న డౌట్’ వస్తుంది. ఇది అదే కన్సల్టెన్సీ, గంటకు సున్నా రూపాయల రేటుకు. ఫైల్లో నాలుగో పేజీ చూడమనడం దీనికి సరైన జవాబు. ఆ ఫైలు పాస్‌వర్డ్ ఏమిటన్నది అవతలి నుంచి వచ్చే తర్వాతి ప్రశ్న.