వివరాలు పంపించండి, చూస్తాం

మొహం మీద ‘వద్దు’ అనడం మనకి చేతకాదు. పెళ్లిచూపుల్లో ‘ఇంటికెళ్లి కబురు చేస్తాం’ అంటాం. అప్పడిగితే ‘చూద్దాం’ అంటాం. మేడ మీద సోలార్ పెట్టించుకోమని ఎవరైనా ఫోన్ చేస్తే ‘వివరాలు వాట్సాప్‌లో పెట్టండి’ అంటాం. పాపం, మా బావమరిది ఈ మూడోదాన్ని నిజమనుకున్నాడు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ మాట చెవిన పడగానే 18 పేజీల బ్రోచర్ పంపేవాడు. మొదటి పేజీలో చైర్మన్ గారి చిరునవ్వు, చివరి పేజీలో వారంటీ షరతులు. నాలుగోరోజు ‘సార్, చూశారా?’ అని పెడితే ఆ టిక్కులు నీలంగా మారిన పాపాన పోలేదు. అడిగింది మొత్తం చేతిలో పెట్టేశాక ఇంక మాట్లాడుకోవడానికేం మిగిలింది?

ఇప్పుడు తీరు మార్చాడు. మొన్న మా ఇంట్లోంచే ఒక పెద్దాయనకి ఫోన్ చేశాడు.

“వివరాలు పంపించు బాబూ, చూస్తాం.”

“తప్పకుండా పంపుతానండీ. మీకు పనికొచ్చేదే పంపాలి కదా, మొన్న మే నెల్లో ఎన్ని యూనిట్లు కాలాయండీ?”

‘మీకు ఆసక్తి ఉందా’ అని అడిగితే ఫోన్ పెట్టేస్తారు గానీ, కరెంటు బిల్లు గురించి కదిపితే తెలుగువాడు ఆగుతాడా!

“380! మా కోడలు ఏసీ కట్టదు. అయినా అసలు సంగతేంటంటే, పైన ఇంకో అంతస్తు వేద్దామని…”

అదీ అసలు అడ్డంకి. బ్రోచర్‌లో 18 పేజీలూ తిరగేసినా దానికి జవాబు లేదు.

“ఎప్పుడు మొదలెడతారండీ?”

“మా అబ్బాయి అమెరికా నుంచి రానీ.”

“ఎప్పుడొస్తారు?”

అవతల నిశ్శబ్దం. 2011 నుంచీ వస్తూనే ఉన్నాడట.

“ఏడాదిలోపు కట్టేట్టయితే ఇప్పుడొద్దండీ. విప్పి మళ్లీ బిగించడం దండగ ఖర్చు” అన్నాడు మావాడు. అమ్మేవాడి నోట ‘వద్దు’ వినేసరికి పెద్దాయన మెత్తబడ్డారు.

ఆ సాయంత్రం వెళ్లింది ఐదు వాక్యాలే. మీ వాడకానికి 3 కిలోవాట్లు చాలు. నీడ పడని చోటు సుమారు 300 చదరపు అడుగులు కావాలి. మంచి ఎండలో రోజుకి 12 యూనిట్ల దాకా వస్తుంది, వానాకాలం తగ్గుతుంది. పీఎం సూర్యఘర్ సబ్సిడీ 78,000 రూపాయలు, బిగించాక మీ ఖాతాలోనే పడుతుంది. శనివారం పదింటికి కొలతలకి రానా?

అందరి దగ్గరా ఇది పారదు. ‘అదంతా నీకెందుకు, పంపమన్నానుగా’ అన్నారంటే అది మన భాషలో ‘వద్దు’. ఒక పేజీ పంపి ఊరుకోవాలి. ఓసారి మావాడు ఆగకుండా ఇంకో నాలుగు ప్రశ్నలేస్తే, అవతలాయన “నువ్వు కరెంటాఫీసు విజిలెన్సా?” అని కంగారుపడ్డాడు.

శనివారం వెళ్లాడు. టేపు పట్టాడు, ట్యాంకు నీడ ఎంతదాకా పడుతోందో చూశాడు, కాఫీ తాగాడు. గుమ్మం దాకా వచ్చి పెద్దాయన అన్నారట: “ఎందుకైనా మంచిది, మా అబ్బాయికి కూడా వివరాలు పంపించు బాబూ.”

“అలాగేనండీ. అక్కడ ఆయన ఎన్నింటికి నిద్ర లేస్తారు?”