విడివిడి లెక్క

మే నెల మెయింటెనెన్స్ రసీదులో మా అద్దె ఫ్లాట్లకి నీళ్ల కింద 2,400 రూపాయలు వేశారు. హైదరాబాద్‌లో మా నిజాంపేట వైపు ఎండాకాలం బోరు అడుగంటితే ట్యాంకర్లే గతి కాబట్టి మొదట ఎవరమూ నోరెత్తలేదు. ఎదురు ఫ్లాటు ఓనరుగారి రసీదు కంటపడ్డాక అనుమానం వచ్చింది. ఆయనకి వేసింది 900.

ట్యాంకరు వచ్చినప్పుడల్లా వాచ్‌మన్ పుస్తకంలో రాసుకుంటాడు. ఆ నెల పదివేల లీటర్లవి 60 వచ్చాయి. ఒక్కోటి 1,200 చొప్పున 72,000. ఉన్న ఫ్లాట్లు 40, అంటే సమానంగా పంచితే ఇంటికి 1,800. మెయింటెనెన్స్ ఆఫీసు మాత్రం 24 అద్దె ఇళ్ల దగ్గర 57,600 రాబట్టి, మిగిలిన 14,400 ఓనర్లుంటున్న 16 ఇళ్లకి సర్దింది. అద్దెవాళ్లు నీళ్లు ఎక్కువ వాడతారని వాళ్ల వాదన. ఇంటింటికీ మీటరు లేనిచోట ఆ సంగతి ఎవరు తేల్చారు?

లిఫ్టు విషయం మరీ అన్యాయం. అది తిరిగే కరెంటుకీ, నెలనెలా సర్వీసింగుకీ మా వాటా మేం ఇవ్వాల్సిందే, ఎక్కి దిగుతున్నాం కదా. కానీ అరిగిపోయిన ఇనుప తాళ్లు మార్పించిన 48,000 కూడా మా 24 ఇళ్ల మీదే పడింది, ఇంటికి 2,000. ఆ తాళ్లు ఏళ్ల తరబడి పనిచేస్తాయి. మా అగ్రిమెంట్లు 11 నెలలవి. భవనంతో పాటు ఉండిపోయే వస్తువుకి ఓనర్లే డబ్బు పెట్టుకోవాలి.

అద్దెదారుల సంఘం తరఫున ఇదంతా లెక్కలతో సహా ఆఫీసుకి ఉత్తరం రాశాం. నీళ్లకి ఇంటికింత అనండి, మనిషికింత అనండి, ఏ పద్ధతైనా ఓనరుకీ మాకూ ఒకటే ఉండాలన్నాం. తాళ్ల డబ్బు వెనక్కి ఇమ్మన్నాం. ట్యాంకరు బిల్లులు నోటీసు బోర్డులో పెట్టమన్నాం. 20 ఇళ్లవాళ్లు సంతకాలు చేశారు. మిగతా నాలుగు ఇళ్లవాళ్లు, ఇల్లు ఖాళీ చేయమంటారేమోనని జంకారు. బడులు తెరిచే వేళ పిల్లల్ని పెట్టుకుని ఇల్లు వెతుక్కోవడం ఎంత కష్టమో తెలిసినవాళ్లం, వాళ్లని ఒక్క మాట అనలేదు.

వారం తిరిగేసరికి సెక్రటరీగారి సంతకంతో జవాబు వచ్చింది. ఆఫీసులో ఉన్నది ఒక్క గుమాస్తానట. ఏ ఖర్చులో ఏ ఫ్లాటుకి ఎంత వాటా వస్తుందో విడివిడిగా లెక్క కట్టడం సాధ్యం కాదట.

జూన్ రసీదులో నీళ్ల ఛార్జీ పాత పద్ధతిలోనే ఉంది. దాని కింద మాత్రం కొత్తగా ఒక వరస కనిపించింది: “అద్దెదారుల ఉత్తరంపై లాయరు సలహాకి 6,000. సంతకం చేసిన ఫ్లాట్లు 20. ఫ్లాటుకి 300.”

సంతకం చేయని నాలుగు ఇళ్ల రసీదుల్లో ఆ వరసే లేదు.