‘చేద్దాం’ను నమ్మని మినిట్స్ గారు

హైదరాబాదులో యాభై అరవై ఫ్లాట్లున్న అపార్ట్‌మెంట్లలో, ఏ ఎన్నికలోనూ నిలబడకుండా ఏ తీర్మానంలోనూ పేరెక్కకుండా పదవిలో కొనసాగే ఒక పెద్దమనిషి తరచుగా కనిపిస్తారు. నివాసులు ఆయనను సొంత పేరుతో కాక ‘మినిట్స్ గారు’ అని పిలుస్తారు. బ్యాంకులోనో ఆడిట్ కార్యాలయంలోనో పదవీ విరమణ చేసిన ఈయన, సమావేశమన్న పేరుతో వాట్సాప్ గ్రూపులో అర్ధరాత్రి దాటేదాకా సాగిన సంభాషణలోంచి ఎవరు ఏ పని ఏ తేదీలోగా చేస్తామన్నారో ఏరి పట్టిక వేయడమే తన విధిగా భావిస్తారు. అయితే ఆ సంభాషణ ఆయనకు నేరుగా అందదు. కమిటీ గ్రూపులో ఆయన సభ్యుడు కారు కనుక, ఇద్దరు ముగ్గురు సభ్యులు తమ ఫోన్ల తెరలను ఫొటోలుగా పట్టి పంపిన స్క్రీన్‌షాట్లే ఆయనకు ఆధారం. ఆయననే గ్రూపులో చేర్చుకుంటే పోతుంది కదా అన్న ప్రశ్న చాలాకాలంగా ఉన్నదే గాని, దానికి కమిటీ ఇచ్చిన జవాబు ‘చూద్దాం’ కావడం వల్ల, ఆయన పద్ధతి ప్రకారం అది ఏ పట్టికలోకీ ఎక్కలేదు.

బొమ్మలు చేరగానే ఆయన మొదట అడిగేది మనిషిని కాదు, తేదీని. వాట్సాప్ సంభాషణలో రోజు మారినచోట ఒక చిన్న చీటీ కనిపిస్తుంది. అది దగ్గరి రోజులకు తేదీని చూపకుండా `Today`, `Yesterday` అని మాత్రమే చూపుతుంది. ఆ మాటలకు అర్థం స్క్రీన్‌షాట్ తీసిన రోజునుబట్టి ఉంటుంది తప్ప చదివే రోజునుబట్టి ఉండదు. ఆదివారం తీసిన బొమ్మను మంగళవారం చదివేవాడు `Yesterday` అంటే సోమవారమనుకుంటే పట్టిక మొత్తం రెండు రోజులు పక్కకు జరుగుతుంది. తెర పైభాగాన గడియారం ఉంటుంది గాని, సాధారణంగా తేదీ ఉండదు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో `Screenshot_20250615-091204` వంటి ఫైలు పేరులోనే, అంటే 2025 జూన్ 15 ఉదయం 9 గంటల 12 నిమిషాలకని, ఆ రహస్యం దాగి ఉంటుంది. కాని అదే బొమ్మను వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే, అందుకున్న ఫోనులో దాని పేరు `IMG-20250617-WA0007` అని మారి, తీసిన తేదీ పోయి వచ్చిన తేదీ మిగులుతుంది. అందుకే మినిట్స్ గారు “ఫొటోగా కాదండీ, డాక్యుమెంటుగా పంపండి” అని బతిమాలుతారు, పంపినవారు “అలాగేనండీ” అంటారు, తరువాత మళ్లీ ఫొటోలే వస్తాయి.

తేదీ తేలాక వరుస తేల్చాలి. ఒక బొమ్మ చివర కనిపించిన సందేశమే తరువాతి బొమ్మ మొదట్లోనూ కనిపిస్తే ఆ రెండూ అతికినట్టు లెక్క; కనిపించకపోతే నడుమ ఎన్ని మాటలు జారిపోయాయో ఎవరూ చెప్పలేరు. అక్కడ ఆయన ఎర్ర సిరాతో ‘ఖాళీ’ అని రాసి పెడతారు. ఖాళీ తరువాతి బొమ్మ చాలా తరచుగా ఒక్క ‘సరే’తో మొదలవుతుంది, దేనికి సరే అన్నారో తెలియని ఆ సరేను ఆయన ఎవరి ఖాతాలోనూ వేయరు, అన్నవారే వచ్చి వేయమన్నా వేయరు.

పేర్ల వ్యవహారం ఇంకా చిక్కైనది. ఫోను సొంతదారు రాసిన మాటలు తెరమీద కుడివైపున పేరు లేకుండా ఉంటాయి కనుక, ఎవరి ఫోనులో తీసిన బొమ్మో తెలియకపోతే ఎవరు మాట ఇచ్చారో తెలియదు. ఎడమవైపు ఉన్న పేర్లు కూడా అసలు పేర్లు కావు, ఆ ఫోను సొంతదారు భద్రపరచుకున్న పేర్లు; ఒకే కోశాధికారి ఒక ఫోనులో ‘402 అన్నయ్య’గా, మరొక ఫోనులో ‘మెయింటెనెన్స్ డబ్బులు’గా దర్శనమిస్తారు. ఈ బహురూపాలను ఒక్క ఫ్లాటు నంబరు కిందికి తేవడానికి మినిట్స్ గారు విడిగా ఒక నోటుపుస్తకం పెట్టుకున్నారు; దాన్ని ఇంట్లోవారికి కూడా చూపించరు, ఎందుకంటే ఎవరు ఎవరిని ఏ పేరుతో దాచుకున్నారో బయటపడితే సంఘం నిలవదు.

ఒక రాత్రి పని ఆయన చేతిలో ఎలా తేలుతుందో చూస్తే ఈ చాదస్తంలోని న్యాయం బోధపడుతుంది. శనివారం, జూన్ 14, రాత్రి 11:52కు అధ్యక్షులు “రేపు లిఫ్టు కంపెనీకి ఫోన్ చేస్తాను” అన్నారు. 12:07కు కోశాధికారి “రేపు జనరేటర్ డీజిల్‌కు డబ్బు ఇచ్చేస్తాను” అన్నారు. 12:11కు మరొకరు “వచ్చే ఆదివారంలోగా ట్యాంకులు కూడా కడిగించేద్దాం” అనగా దాని కింద ఆరు బొటనవేళ్లు లేచాయి. మొదటి దానికి బాధ్యులు అధ్యక్షులు, గడువు 15. ఇందులో పేచీ లేదు. రెండవదానిలో పదిహేను నిమిషాల తేడాతో రోజు మారిపోయింది. క్యాలెండరు ప్రకారం ‘రేపు’ అంటే సోమవారం 16, ఇంకా నిద్రపోని మనిషి లెక్కలో మాత్రం ఆదివారం 15. మినిట్స్ గారు తన ఊహను గడువు గడిలో రాయరు. ‘15 లేక 16, అడగవలెను’ అని రాసి, పక్కన ఆధారం కింద బొమ్మ సంఖ్యనూ సందేశపు సమయాన్నీ వేస్తారు. మూడవదాన్ని ఆదివారం తొలిగంటల్లోనే అన్నారు కనుక ‘వచ్చే ఆదివారం’ 22 అని తేల్చగలిగారు గాని, ‘కడిగించేద్దాం’ అన్నవారు కడిగిస్తానని అనలేదు, వేళ్లెత్తిన ఆరుగురిలో ఒక్కరూ అనలేదు, పైగా ఆ వేళ్లు ఎవరివో స్క్రీన్‌షాట్‌లో కనిపించదు. కాబట్టి బాధ్యుల గడిలో ‘ఎవరూ లేరు’ అని పడుతుంది. గడిని ఖాళీగా వదిలితే చదివేవారు అది తమది కాదని సంతోషిస్తారనీ, ‘ఎవరూ లేరు’ అని రాస్తే కనీసం సిగ్గుపడతారనీ ఆయన సిద్ధాంతం. రెండవ భాగం ఇంతవరకు రుజువు కాలేదు.

ఆయన నిద్ర చెడగొట్టిన సందేశం మాత్రం ఇంకొకటి. తెలుగును ఇంగ్లిషు అక్షరాల్లో రాసే అలవాటున్న ఒక సభ్యుడు 12:19కు `lobby painting cheyinchanu` అని రాశారు. దీర్ఘం పెట్టి చదివితే ‘చేయించాను’, అంటే పని ముగిసింది, జాబితాలోంచి కొట్టేయవచ్చు. హ్రస్వంగా చదివితే ‘చేయించను’, అంటే తిరస్కారం, వేరే బాధ్యుణ్ని వెతకాలి. ముందు సందేశం చూస్తే తేలేది గాని, అది సరిగ్గా ఎర్ర సిరా ఖాళీలో పడిపోయింది. మినిట్స్ గారు లిఫ్టు కోసం ఎదురుచూడకుండా మెట్లు దిగి లాబీ గోడను వేలితో తడిమి చూశారు. గోడ పాతదే కనుక అది తిరస్కారమని నిర్ణయించి, అయినా గోడ సాక్ష్యం సరిపోదని, ఆ సభ్యుడికే ఫోను చేశారు. ఆయన అన్నది మూడవ అర్థం: “రంగులవాడితో మాట్లాడటం చేయించాను సార్, రంగు కాదు.”

పట్టిక మంగళవారం సాయంత్రం అందరికీ వెళ్తుంది, కింద ‘సవరణలు బుధవారం రాత్రి 9 గంటలలోగా’ అన్న వాక్యంతో. సవరణలు రావు, బొటనవేళ్లు వస్తాయి. వాటిని అంగీకారంగా లెక్కించని మినిట్స్ గారు బుధవారం ఒక్కొక్కరికీ ఫోను చేయగా, కోశాధికారి డీజిల్ డబ్బు సోమవారమే ఇచ్చేశానని చెప్పి, “మీరు 15 అని కూడా రాశారేమిటండీ, ఒక రోజు ఆలస్యమైనట్టుంది” అని నొచ్చుకున్నారు. 15 కొట్టివేయబడింది, కొట్టివేతకు ఆధారంగా ఆ ఫోను చేసిన సమయం పక్కనే నమోదైంది.