రిఫండ్ వస్తుంది లెండి మాస్టారూ

జీతం బిల్లు చేసే సీటు దగ్గర ఏ తేడా చెప్పుకున్నా జవాబు ఒకటే. ఐటీ ఎక్కువ కట్ అయిందంటే, "రిఫండ్ వస్తుంది లెండి మాస్టారూ." స్లిప్పులో కట్ అయిన సొమ్ము ఆదాయపన్ను ఖాతాలో కనపడటం లేదంటే, "అదీ రిఫండ్‌లో సర్దుకుంటుంది లెండి." తక్కువ కట్ అయిందంటే మాత్రం ఈ ఉదారం ఏమవుతుందో తెలియదు. "ఫిబ్రవరి జీతంలో ఒకేసారి లాగేద్దాం" అంటారు. ఎక్కువ పోయింది వచ్చే ఏడాది రావాలి, తక్కువ పోయింది ఈ ఏడాదే పోవాలి. ఈ సిద్ధాంతాన్ని ఎవరు కనిపెట్టారో గానీ, పల్నాడు జిల్లా ఆఫీసుల్లో దానికి తిరుగులేదు.

గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు తోలుకెళ్లిన సత్తెనపల్లి రైతుతో కాటా దగ్గర ఈ మాట అని చూడండి. "తూకంలో నాలుగు కిలోలు తేడా వస్తే వచ్చింది, వచ్చే సీజన్లో ఇస్తాం లెండి" అంటే ఆ రైతు ఊరుకుంటాడా? కాటా దిగకముందే పంచాయితీ పెడతాడు. ఆయన కొడుకే హైస్కూల్లో లెక్కల మాస్టారైతే మాత్రం, నెలకు రెండువేల నాలుగొందలు ఎక్కువ పోతున్నా "వస్తుందట లే" అనుకుని టీ తాగడానికి వెళ్తాడు.

ఆ మాస్టారి లెక్కే చూద్దాం. సత్తెనపల్లి నుంచి రోజూ ముప్పాళ్ల వైపో రాజుపాలెం వైపో బస్సెక్కే జెడ్పీ హైస్కూల్ స్కూల్ అసిస్టెంట్ అనుకోండి. 2025-26కి ఏడాది జీతం 14,35,000. కొత్త విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసేస్తే 13,60,000 మిగులుతుంది. మొదటి నాలుగు లక్షలకు పన్ను లేదు. తర్వాతి నాలుగు లక్షలకు 20,000, ఆ తర్వాతి నాలుగు లక్షలకు 40,000, మిగిలిన 1,60,000కు పదిహేను శాతం చొప్పున 24,000. మొత్తం 84,000, సెస్సు కలిపితే 87,360. పన్నెండుతో భాగిస్తే నెలకు 7,280.

స్లిప్పులో ఉన్నది 9,707.

ఇది ఎక్కడి నుంచి ఊడిపడింది? ఎక్కడి నుంచీ కాదు, కిందటేడు నుంచి. 2025 బడ్జెట్‌లో స్లాబులు మారాయి. బిల్లు చేసేవారి దగ్గరున్న ఎక్సెల్ షీట్ మారలేదు. ఇదే 13,60,000కు 2024-25 స్లాబులు వేస్తే సెస్సుతో 1,16,480 వస్తుంది, దాన్ని పన్నెండుతో భాగిస్తే సరిగ్గా 9,707. స్లిప్పులో అంకె తేడాగా కనిపించినప్పుడు కిందటి ఏడాది రేట్లతో ఒకసారి వేసి చూస్తే దొంగ చాలాసార్లు అక్కడే దొరుకుతాడు. అడిగితే "సిస్టం అలా తీసుకుంది సార్" అంటారు. ఎవరో నొక్కితేనే సిస్టం తీసుకుంటుంది. ఐటీ కాలమ్‌లో ఆ అంకె వేసింది ఓ మనిషి వేలు.

మాస్టారు దీన్ని ఆగస్టు స్లిప్పులో గమనించాడనుకుందాం. ఇక్కడ ఊళ్లో అందరికీ తెలిసిన ఓ సంగతి ఉంది. సర్కారు ఉద్యోగికి మార్చి జీతం ఏప్రిల్ ఒకటిన అందుతుంది కాబట్టి, పన్ను ఏడాది లెక్కలోకి వచ్చేవి మార్చి నుంచి ఫిబ్రవరి దాకా ఉన్న స్లిప్పులు. అంటే ఆగస్టు స్లిప్పుతో ఆరు నెలలు గడిచాయి. ఆరు తొమ్మిదివేల ఏడొందల ఏడులు 58,242. కట్టాల్సిన 87,360లోంచి ఇది తీసేస్తే మిగిలింది 29,118. మిగిలిన ఆరు స్లిప్పులకు పంచితే నెలకు 4,853. సెప్టెంబర్ బిల్లులో ఐటీ కాలమ్‌లో ఈ అంకె వేస్తే కథ కంచికి. రిఫండ్ మాటే అక్కర్లేదు.

అలా వేయొచ్చా అని సీటువారికి అనుమానం. వేయొచ్చు. 1961 ఆదాయపన్ను చట్టం 192వ సెక్షన్ మూడో ఉపవిభాగం చెప్పేది అదే: అదే ఆర్థిక సంవత్సరంలో ముందు ఎక్కువో తక్కువో కోసిన తేడాను తర్వాతి నెలల కోతలో పెంచో తగ్గించో సర్దొచ్చు. ఫిబ్రవరిలో ఒకేసారి లాగేటప్పుడు వాళ్లు వాడుకునేదీ ఈ సెక్షనే. పెంచడానికి మాత్రమే చదివి, తగ్గించే పదం దగ్గర కళ్లు మూసుకుంటారు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపన్ను చట్టం అమలు కాబట్టి ఆ తర్వాతి లెక్కలకు సెక్షన్ల నంబర్లు వేరు. సీటు దగ్గరి జవాబుకు మాత్రం ఏ సవరణా రాదు.

న్యాయంగా ఓ మాట చెప్పాలి. ఒకసారి ట్రెజరీ బిల్లులో కోత పడ్డాక ఆ సొమ్మును చేతికి తిరిగివ్వడం హెడ్‌మాస్టారి వల్ల కాదు. డీడీవో చేయగలిగింది రాబోయే నెలల్లో తగ్గించడమే. ఫిబ్రవరి బిల్లు వెళ్లిపోతే ఆ దారీ మూసుకుపోతుంది. అప్పుడు మాత్రమే "రిఫండ్ వస్తుంది" అన్నది నిజమైన మాట. సెప్టెంబర్‌లో అంటే అది పని ఎగ్గొట్టే మాట.

పోనీ వచ్చే రిఫండ్ ఎంత లాభమో చూడండి. ఏడాదంతా అలాగే పోనిస్తే ఎక్కువ కట్టింది ఇరవైతొమ్మిది వేల పైచిలుకు. దానిమీద ప్రభుత్వం ఇచ్చే వడ్డీ నెలకు అర శాతం. అదీ ఆర్థిక సంవత్సరం దాటాక, ఏప్రిల్ ఒకటి నుంచి మాత్రమే, రిటర్న్ గడువులోపు వేస్తేనే. రిఫండ్ మొత్తం అసలు పన్నులో పదో వంతు కన్నా తక్కువైతే ఆ అర శాతం కూడా లేదు. నూటికి రెండు రూపాయల వడ్డీ నడిచే చోట, ఏడాదిపాటు వడ్డీ లేకుండా అప్పిచ్చి అర రూపాయి కోసం మరుసటి వేసవి దాకా కూర్చోవాలన్నమాట. ఇంత పెద్దమనసున్న షావుకారి కోసం మిర్చి కమీషన్ దుకాణాలన్నీ వెతికినా దొరకడు.

ఇంతవరకూ చెప్పింది పుణ్యాత్ముల తప్పు. అంకె ఎక్కువ పడింది గానీ సొమ్ము లెక్కలోకి చేరింది. రెండో రకం తేడాలో ఈ రిఫండ్ మంత్రం పూర్తిగా బూటకం. స్లిప్పులో కోత ఉంటుంది, ఖాతాలో ఉండదు. లెక్కలో లేని సొమ్ముకు రిఫండ్ ఎవరిస్తారు?

ఇక్కడ నడిచే యంత్రాంగం ఇది. 010 పద్దు కింద వచ్చే జీతంలో పన్ను కోస్తే డీడీవో బ్యాంకుకు చలానా పట్టుకుపోడు. ట్రెజరీలోనే పుస్తకం లెక్కగా సర్దేస్తారు. ఏ డీడీవో ఎంత కోశాడన్నది ట్రెజరీ ప్రతి నెలా ఫారం 24జీలో చెబుతుంది. దానికి బదులుగా ప్రతి డీడీవో పేరిట ఒక బిన్ నంబరు పుడుతుంది. ఆ నంబరు పెట్టి, ఏ ఉద్యోగి పాన్ మీద ఎంత కోశాడో డీడీవో మూడు నెలలకోసారి 24క్యూలో వేయాలి. ఈ రెండూ అతికితేనే మాస్టారి 26ఏఎస్‌లో ఆ సొమ్ము పక్కన F అని పడుతుంది. అతక్కపోతే U. 24జీ, 24క్యూ రెండూ ఏకాభిప్రాయానికి వచ్చేదాకా మాస్టారి డబ్బు ఎక్కడుందో మాస్టారికి తప్ప అందరికీ తెలిసినట్టే ఉంటుంది.

మొదటి త్రైమాసికానికి 24క్యూ గడువు జులై 31. కాబట్టి మే నెలలో 26ఏఎస్ తెరిచి "నా డబ్బేదీ" అని బిల్లు సీటు మీద పడితే తప్పు మాస్టారిదే. ఆగస్టు రెండో వారంలో తెరవాలి. మార్చి, ఏప్రిల్, మే స్లిప్పులు మూడూ ముందు పెట్టుకుని చూస్తే 29,121 ఉండాలి. మన మాస్టారికి 19,414 ఉంది. ఒక నెల గల్లంతు.

వెంటనే సీటు దగ్గరికి పరిగెత్తకూడదు. ముందు స్టాఫ్‌రూమ్‌లో మిగతావాళ్ల 26ఏఎస్ చూడాలి. అదే నెల అందరికీ పోతే తప్పు బిన్ దగ్గర: ఆ నెల బిల్లుకు నంబరు పెట్టలేదు, లేదా ట్రెజరీ చెప్పిన మొత్తానికీ డీడీవో వేసిన మొత్తానికీ పొత్తు కుదరలేదు. మాస్టారికొక్కడికే పోతే తప్పు ఆయన పేరు పక్కనున్న వరుసలో: పాన్‌లో అంకె తారుమారైంది, లేదా ఆ త్రైమాసికం జాబితాలో ఒక నెల వేయడం మరిచారు. సొమ్ము ఇంకొకరి పాన్ మీద పడితే, ఏ ఊళ్లోనో ఎవరో అపరిచితుడు మన మాస్టారి కష్టార్జితంతో రిఫండ్ తీసుకుని, సర్కారు ఎంత మంచిదో అని మురిసిపోతుంటాడు.

చాలాసార్లు రెంటికీ మందు ఒకటే. డీడీవో ఆ త్రైమాసికానికి సవరణ 24క్యూ వేయాలి. ఆ పని చాలాచోట్ల ఊళ్లోని ఆడిటర్ చేస్తాడు. కాబట్టి "టీడీఎస్ తేడా ఉంది, దయచేసి సరిచేయగలరు" అని అర్జీ రాస్తే అది ఫైల్లో నిద్రపోతుంది. "ఫలానా త్రైమాసికంలో ఫలానా నెల జీతంలో కోసిన 9,707 నా 26ఏఎస్‌లో లేదు, మా స్టాఫ్‌లో మిగతావారికి ఉంది, నా పాన్ ఇది, 24క్యూ సవరించండి" అని రాసి, స్లిప్పూ 26ఏఎస్ పేజీ జతచేసి, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోవాలి. ఆ నంబరు అడిగినప్పుడు సీటువారి ముఖం ఒక్కసారి గంభీరమవుతుంది. అప్పటిదాకా మాటగా ఉన్నది అప్పుడు పని అవుతుంది.

ఇది మన పల్నాడు గోలే అనుకోకండి. ఓ చార్టర్డ్ అకౌంటెంట్ రాసిన ఉత్తరాన్ని ఢిల్లీ హైకోర్టు తనంతట తానే కేసుగా తీసుకుని 2013 మార్చి 14న తీర్పిచ్చింది. పన్ను కోసినవాడు లెక్క సరిగా ఎక్కించకపోతే, ఆ శిక్ష కోయించుకున్నవాడికి వేయకూడదన్నది దాని సారం. 205వ సెక్షన్ ఎప్పటినుంచో అదే అంటోంది: జీతంలో పన్ను కోశాక ఆ పన్నును ఉద్యోగి నుంచి మళ్లీ అడగకూడదు. ప్రత్యక్ష పన్నుల బోర్డు 2015లోనూ 2016లోనూ తన అధికారులకు ఆ సంగతి గుర్తుచేయాల్సి వచ్చింది. చట్టం ఢిల్లీ నుంచి బయల్దేరి బెంగళూరు సీపీసీ దాకా వచ్చింది గానీ, సత్తెనపల్లి బస్సు దొరికినట్టు లేదు. అయినా ఈ రక్షణ డిమాండ్ నోటీసు నుంచే. గల్లంతైన 9,707 కూడా కలిపి రిటర్న్‌లో చూపినా, 26ఏఎస్‌లో అది లేకపోతే కంప్యూటర్ చూసేది తన దగ్గరున్న అంకెనే. ఆ తర్వాత చట్టం మన వైపే ఉంటుంది, డబ్బు మాత్రం అటువైపు ఉంటుంది.

ఇక అన్నిటికీ పరిష్కారంగా జూన్‌లో చేతికొచ్చే ఫారం 16 ఉంది. చాలా స్కూళ్లలో అది వాట్సాప్ గ్రూపులో తిరిగే ఎక్సెల్ ఫైల్లో పుడుతుంది. పేరు కొడితే చాలు, గవర్నమెంటు చిహ్నమంత గంభీరంగా ఫారం 16 అచ్చవుతుంది. హెచ్.ఎం. గారు గుండ్రటి స్టాంపు వేస్తారు. స్లిప్పులో ఉన్న అంకెలే అందులో ఉంటాయి కాబట్టి తేడా అంటూ ఏదీ కనిపించదు, అందరూ సంతోషం. అసలు ఫారం 16 ట్రేసెస్ సైటు నుంచి దించుకోవాలి. దాంట్లో ఎ భాగం 24క్యూలో వేసిన అంకెలనే చూపిస్తుంది, పైన సర్టిఫికెట్ నంబరు ఉంటుంది. మాస్టారు ఎక్సెల్ కాగితం తిప్పి చూసి సర్టిఫికెట్ నంబరు ఎక్కడుందని అడిగాడు. "స్టాంపు ఉంది కదా మాస్టారూ" అన్నారు. ఉంది. పచ్చ సిరా, స్పష్టంగా పడింది.